న్యూట్రల్ తీగలో ఎంత కరెంటు?

మూడు ఫేజుల కనెక్షన్‌లో హీటర్లే నడుస్తున్నాయనుకుందాం. ఆర్, వై ఫేజులు చెరి 10 ఆంపియర్లు, బి ఫేజు 4 ఆంపియర్లు లాగుతున్నాయి. ఇవన్నీ న్యూట్రల్‌లో కలుస్తాయి, కానీ అక్కడ 24 ఆంపియర్లు పారవు. ఒక అల శిఖరాన ఉన్నప్పుడు మిగతా రెండూ కిందకు దిగి ఉంటాయి.

ఒక్కో అలను ఒక బాణంగా గీయండి. బాణం పొడవు అల పరిమాణం, దిశ దాని కోణం. ఇదే ఫేజర్. ఆర్ బాణం 0 డిగ్రీల్లో, వై −120లో, బి +120లో ఉంటాయి. అడ్డంగా కూడితే 10 − 5 − 2 = 3. నిలువుగా 0 − 8.66 + 3.46 = −5.2. పైథాగరస్ సూత్రంతో వచ్చే ఫలిత బాణం పొడవు √(9 + 27) = 6. అంటే న్యూట్రల్‌లో 6 ఆంపియర్లే, అదీ ఆర్ కన్నా 60 డిగ్రీలు వెనక. నిలువు భాగం ముందున్న మైనస్ మరిస్తే అల 60 డిగ్రీలు ముందున్నట్టు వస్తుంది. అందుకే ముందు బొమ్మ గీసుకోవడం మేలు.

బాణాలన్నీ ఒకే వేగంతో తిరుగుతూ, వాటి మధ్య కోణాలు మారకుండా ఉంటేనే ఈ కూడిక చెల్లుతుంది. మన 50 హెర్ట్జ్ సరఫరాలో కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు 150 హెర్ట్జ్ అలలనూ పుట్టిస్తాయి. వాటికి వేరే బొమ్మ గీయాలి. మూడు ఫేజుల్లోనూ అవి ఒకే దిశలో ఉంటాయి కనుక, లోడు సమానంగా పంచినా న్యూట్రల్ వేడెక్కవచ్చు.