పెళ్లి ఫొటోకు ఇంటర్వ్యూ చొక్కా

ఊళ్లలోని ఫొటో స్టూడియోల్లో ఒకప్పుడు గోడకు ఒక నల్ల కోటు, ముందే ముడి వేసి ఉంచిన టై వేలాడుతుండేవి. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో కావాలని ఎవరొచ్చినా ఆ కోటే తొడిగేవారు. ఫొటోషాప్ వచ్చాక కోటు గోడ మీద నుంచి కంప్యూటర్‌లోకి చేరింది. ఫొటో తీయడం, తలను కత్తిరించడం, సిద్ధంగా ఉన్న సూటు బొమ్మ మీద అతికించడం. చూసేవాళ్లకు మాత్రం మెడ దగ్గర అతుకు ఇట్టే తెలిసిపోయేది.

ఇప్పుడు అదే పని ఫోన్‌లో జరుగుతోంది. 2023 మేలో ఫొటోషాప్‌లోకి జెనరేటివ్ ఫిల్ ప్రయోగాత్మకంగా వచ్చింది. ఫొటోలో కావలసిన భాగాన్ని గుర్తించి, అక్కడ ఏం ఉండాలో మాటల్లో చెబితే అది గీసిపెడుతుంది. ఆ తర్వాత ఇలాంటి సౌకర్యం చాలా యాప్‌లలోకి వచ్చింది. అయితే ఈ సాధనాలన్నీ ఒకేలా పనిచేయవు. కొన్ని మనం గుర్తించిన చోటును మాత్రమే మారుస్తాయి. మరికొన్ని మొత్తం ఫొటోనే కొత్తగా గీస్తాయి, అంటే బట్టలతో పాటు ముఖాన్ని కూడా.

రెండో రకంతో ఎంత ముప్పో 2023 జులైలో బయటపడింది. అమెరికాలోని ఎంఐటీలో చదువుతున్న ఆసియా మూలాల విద్యార్థిని ఒకరు, తన ఫొటోను లింక్డ్‌ఇన్‌కు తగ్గట్టు మార్చమని ఒక ఏఐ సాధనాన్ని అడిగారు. అది ఆమె చర్మాన్ని తెల్లగా, కళ్లను నీలంగా మార్చేసింది. ఆమె అడగని మార్పులవి. మన దగ్గర కూడా చామనఛాయ ముఖం ఒక ఛాయ తేలిపోవడం, పుట్టుమచ్చ మాయమవడం వంటివి జరిగితే అందంగా వచ్చిందనుకుని ఊరుకోకూడదు. ఇంటర్వ్యూ గదిలోకి ఫొటోలోని మనిషే వెళ్లాలి.

కాబట్టి మెడ కిందికి మాత్రమే మార్చే పద్ధతే నమ్మదగింది. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బీటెక్ కుర్రాడి దగ్గర అన్న పెళ్లిలో మెరూన్ కుర్తాతో తీసుకున్న ఫొటోలు రెండున్నాయి. ఒకటి సెల్ఫీ. చేయి చాచినంత దగ్గరి నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా పడతాయి. బట్టలు మార్చినా ఆ వంకర పోదు. రెండోది నాలుగైదు అడుగుల దూరం నుంచి స్నేహితుడు తీసింది. ముఖం నేరుగా ఉంది, మెడ పూర్తిగా కనిపిస్తోంది. దాన్నే తీసుకోవాలి.

యాప్‌లో గడ్డం, మెడ వదిలేసి కుర్తాను పూర్తిగా గుర్తించాలి. కుర్తా అంచు కొంచెం మిగిలినా కొత్త కాలరు కింద మెరూన్ గీతలా కనిపిస్తుంది. ఇక ‘లేత నీలం రంగు సాదా ఫార్మల్ చొక్కా, ఇస్త్రీ చేసిన కాలరు, టై వద్దు, వెలుగు ఎడమ నుంచి’ అని రాయాలి. వెలుగు సంగతి చెప్పడం అవసరం. ముఖానికి ఎడమవైపు వెలుగు పడుతూ చొక్కా మడతల నీడలు కూడా ఎడమవైపే ఉంటే, బట్టలు తరవాత తొడిగినవని తెలిసిపోతుంది. తర్వాత వెనకున్న మండపం పూలను గుర్తించి సాదా బూడిద రంగు పెట్టాలి.

వచ్చినదాన్ని పెద్దది చేసి చూడాలి. కాలరు రెండు కొసలు సమానంగా ఉన్నాయా, గుండీలు వరసలో ఉన్నాయా, మెడ మీద కాలరు నీడ పడిందా? ముఖం మసకగా ఉండి చొక్కా నూలుపోగులు కనిపించేంత స్పష్టంగా ఉంటే ఆ ఫొటో పనికిరాదు. అసలు ఫొటోను పక్కనే పెట్టుకుని ముఖాన్ని పోల్చుకోవాలి.

అమ్మాయిల ఫొటోల్లో చిక్కంతా భుజం మీద పడే జుట్టుతోనే. విడివిడి వెంట్రుకల మధ్య నుంచి పాత చున్నీ రంగు తొంగిచూస్తుంది. జుట్టు వెనక్కి ఉన్న ఫొటో దొరికితే పని సులువు. ఫార్మల్ అంటే కోటే కానక్కర్లేదు. సాదా కాటన్ చీర, కాలరున్న కుర్తీ కూడా చక్కగా సరిపోతాయి. ఎవరికైనా ఇంటర్వ్యూకు నిజంగా వేసుకెళ్లగల దుస్తులే ఫొటోలోనూ ఉండడం మేలు.

లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ ఫొటో గుండ్రంగా కత్తిరించి కనిపిస్తుంది. అందులో మిగిలేది ముఖం, కాలరు, కాస్త భుజం. ఆ మాత్రం దానికి మూడు ముక్కల సూటు గీయించడం వృథా. కత్తిరించాక కూడా కనీసం 400 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండేలా చూసుకుంటే చాలు.

ఈ ఫొటోను ఉద్యోగ వెబ్‌సైట్ల వరకే వాడాలి. పాస్‌పోర్టుకు మార్పులు చేసిన ఫొటో చెల్లదు. పోటీ పరీక్షల దరఖాస్తులకూ ఇది పెట్టొద్దు. పరీక్ష హాలులో అభ్యర్థి ముఖాన్ని ఆ ఫొటోతోనే సరిచూస్తారు.