ఈ రోజు గిన్నెలు ఎవరి వంతు?

కూకట్‌పల్లిలోనో మాదాపూర్‌లోనో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి ఉంటే అద్దె దగ్గర పెద్దగా పేచీ రాదు. నాలుగుతో భాగిస్తే లెక్క తేలిపోతుంది. గొడవంతా సింకు దగ్గర మొదలవుతుంది. రాత్రి తిన్న కంచాలు, అడుగంటిన అన్నం గిన్నె, మూత తీసిన కుక్కర్ పొద్దున లేచేసరికి అలాగే ఉంటాయి. "మొన్న నేనే తోమానురా" అని ఒకడు, "నువ్వు కాదు, మొన్న తోమింది నేను" అని ఇంకొకడు. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

1979లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. 20 రకాల పనుల గురించి అడిగితే 16 పనుల్లో ఇద్దరూ చెప్పుకున్న వాటాలు కలిపినప్పుడు అసలు పని కంటే ఎక్కువ తేలింది. మనం చేసిన పని మనకు ఒళ్లంతా గుర్తుంటుంది. పక్కవాడు చేసింది మనం ఆఫీసులో ఉన్నప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో జరిగిపోతుంది. ఒకే ఇంట్లో కాపురం చేసేవాళ్లకే అలా ఉంటే, షిఫ్టులు కలవని రూమ్మేట్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే వంతుల పట్టిక ఒక్కటే సరిపోదు. రోజూ గుర్తుచేసే ఏర్పాటు, వారానికోసారి లెక్క కూడా ఉండాలి. ఈ మూడింట్లో ఎక్కువమంది తప్పు చేసేది లెక్క దగ్గర.

ముందు పనులు తేల్చుకోవాలి. నాలుగు చాలు. గిన్నెలు తోమడం, రాత్రికి అన్నం వండడం (కూర కర్రీ పాయింట్ నుంచి వస్తుందనుకుందాం), ఊడ్చి తుడవడం, నాలుగోది చెత్త ఇచ్చి వాటర్ క్యాన్ తెప్పించడం. ఇవన్నీ సమానం కావు కాబట్టి మార్కులు పెట్టాలి. గిన్నెలకు 3, అన్నానికి 2, ఊడ్చడానికి 2, చెత్తకు 1 అనుకుందాం. మొత్తం రోజుకు 8, వారానికి 56. ఈ మార్కులు సరైనవో కాదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. అందరూ గిన్నెల వంతు ఇచ్చేసి వేరే పని తీసుకోవాలని చూస్తుంటే గిన్నెలకు మార్కులు తక్కువ పెట్టారన్న మాట.

పని పూర్తయిందంటే ఏమిటో కూడా ముందే రాసుకోవాలి. గిన్నెల విషయంలో ఇది మరీ ముఖ్యం. కుక్కర్‌లో నీళ్లు పోసి "నానబెట్టాను" అని వెళ్లిపోతే తోమినట్టు కాదు. గాస్కెట్, విజిల్ కడిగి, సింకు జాలీలో మెతుకులు తీసేసి, సింకు ఖాళీగా కనిపిస్తేనే టిక్కు. చెత్త అంటే తడి, పొడి వేరుచేసి పొద్దున స్వచ్ఛ ఆటో వచ్చే వేళకు కింద ఇవ్వడం. సంచి తలుపు బయట పెట్టడం కాదు.

ఇక వంతులు. రవి, సతీష్, ఇమ్రాన్, కిరణ్ అనే నలుగురు 2026 జనవరి 5, సోమవారం నాడు మొదలుపెట్టారనుకుందాం. సోమవారం గిన్నెలు రవివి, అన్నం సతీష్‌ది, ఊడ్చడం ఇమ్రాన్‌ది, చెత్త కిరణ్‌ది. మర్నాడు ప్రతి పనీ ఒక మనిషి ముందుకు జరుగుతుంది. అంటే రవికి వరుసగా గిన్నెలు, చెత్త, ఊడ్చడం, అన్నం వస్తాయి. నాలుగు రోజుల్లో అందరూ అన్నీ చేస్తారు. గూగుల్ షీట్‌లో మొదటి నిలువు వరుసలో తేదీలు, L వరుసలో నలుగురి పేర్లు పెట్టుకుంటే గిన్నెల వంతు ఎవరిదో ఈ ఒక్క సూత్రం చెబుతుంది.

```
=INDEX($L$2:$L$5, MOD($A2-DATE(2026,1,5)+0, 4)+1)
```

మొదలుపెట్టిన రోజు నుంచి ఎన్ని రోజులు గడిచాయో లెక్కేసి, నాలుగుతో భాగించి, శేషాన్ని బట్టి పేరు తీస్తుంది. అన్నానికి ఆ సున్నా స్థానంలో 1, ఊడ్చడానికి 2, చెత్తకు 3 పెట్టాలి. చాలామంది ఇక్కడ తేదీ గడికి బదులు TODAY() వాడతారు. వద్దు. నిన్నటి వంతు ఎవరిదో అది చెప్పలేదు. పైగా షీట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ తీరానిది ఉంటే మనకు తేదీ అర్ధరాత్రి మారదు, మధ్యాహ్నం పన్నెండున్నరకో ఒకటిన్నరకో మారుతుంది. పొద్దున ఒక పేరు, భోజనం వేళకు ఇంకో పేరు కనిపిస్తుంటే జబ్బు అదే.

ఇంకో మాట. ప్రతి సోమవారం వంతులను మళ్లీ రవి నుంచే మొదలుపెట్టకూడదు. అలా చేస్తే ఆదివారం గిన్నెలు ఎప్పుడూ ఇమ్రాన్‌కే పడతాయి. స్నేహితులు వచ్చి బిర్యానీ తిని వెళ్లేది ఆదివారమే కదా. రోజులను ఆపకుండా లెక్కపెట్టుకుంటూ పోతే ఏడుని నాలుగుతో భాగించినప్పుడు మూడు మిగులుతుంది కాబట్టి, నాలుగు వారాల్లో నలుగురికీ ఒక్కో ఆదివారం దానంతటదే వస్తుంది.

రోజూ గుర్తుచేయడానికి కోడ్ ఏమీ అక్కర్లేదు. ఎవరి ఫోన్‌లో వాళ్లు గూగుల్ క్యాలెండర్‌లో నాలుగు ఈవెంట్లు పెట్టుకుని, రిపీట్ దగ్గర కస్టమ్‌లోకి వెళ్లి "ప్రతి 4 రోజులకు" అని ఇస్తే చాలు. రవి అయితే గిన్నెలు సోమవారం నుంచి, చెత్త మంగళవారం నుంచి, ఊడ్చడం బుధవారం నుంచి, అన్నం గురువారం నుంచి. గ్రూపులో "గిన్నెలు ఎవరైనా తోమండి" అని పెట్టే మెసేజ్‌ను నలుగురూ చదువుతారు, ఒక్కడూ కదలడు. సొంత ఫోన్ మోగితే పక్కవాడి మీదికి నెట్టడానికి వీలుండదు. వేళ కూడా పనిని బట్టే ఉండాలి. చెత్తకు ఆటో రావడానికి అరగంట ముందు, అన్నానికి సాయంత్రం ఏడుకు, గిన్నెలకు తిన్నాక తొమ్మిదిన్నరకు. నాలుగు పనులకూ కలిపి పొద్దున తొమ్మిదికి ఒకే అలారం పెడితే అప్పటికి అందరూ మెట్రోలో ఉంటారు.

ఇప్పుడు వారం లెక్క. పట్టికలో ప్రతి పనికీ రెండు గడులు ఉండాలి. ఒకటి వంతు ఎవరిదో చెప్పేది, రెండోది నిజంగా చేసినవాడు తన పేరు రాసేది. గిన్నెలవి B, C. అన్నానివి D, E. ఊడ్చడానివి F, G. చెత్తవి H, I. ఆదివారం రాత్రి ఒక్కొక్కరు చేసిన పనికి మార్కులు ఇలా వస్తాయి.

```
=3*COUNTIF(C$2:C$8,$L2)+2*COUNTIF(E$2:E$8,$L2)+2*COUNTIF(G$2:G$8,$L2)+COUNTIF(I$2:I$8,$L2)
```

ఇదే సూత్రంలో C, E, G, I బదులు B, D, F, H పెడితే వంతుగా పడిన మార్కులు వస్తాయి. ఈ రెండోది చాలామంది వేయరు. ఎందుకు వేయాలో మొదటి వారం చూస్తే తెలుస్తుంది. వారానికి 7 రోజులు, మనుషులు 4. కాబట్టి ప్రతి పనీ ముగ్గురికి రెండేసి సార్లు, ఒకరికి ఒక్కసారే పడుతుంది. ఆ వారం గిన్నెలు ఒక్కసారే పడింది కిరణ్‌కు, అతని వంతు 13. చెత్త ఒక్కసారే పడింది ఇమ్రాన్‌కు, అతనికి 15. రవి, సతీష్‌లకు చెరి 14.

జరిగిందేమిటంటే, బుధవారం రాత్రి ఇమ్రాన్ గిన్నెలు వదిలేసి పడుకున్నాడు. పొద్దున టిఫిన్‌కు గిన్నె కావాలి కాబట్టి కిరణ్ తోమేశాడు. శని, ఆదివారాలు కిరణ్ ఊరెళ్లాడు. శనివారం అతని బదులు రవి ఊడ్చాడు, ఆదివారం సతీష్ అన్నం వండాడు. వారం చివర రవికి 16, సతీష్‌కు 16, ఇమ్రాన్‌కు 12, కిరణ్‌కు 12. మొత్తం 56కు సరిపోయింది.

మార్కులే చూస్తే ఇమ్రాన్, కిరణ్ ఇద్దరూ సమానంగా వెనకబడ్డట్టు కనిపిస్తుంది. "ఇద్దరికీ పన్నెండే" అని మాట పడేది ఇలాంటప్పుడే. వంతు పక్కన పెట్టి చూడండి. ఇమ్రాన్ 15కు 12 చేశాడు, మూడు బాకీ. కిరణ్ రెండు రోజులు ఊళ్లో లేకపోయినా 13కు 12 చేశాడు, ఒక్కటే బాకీ. రవి, సతీష్ చెరో రెండు ఎక్కువ చేశారు. ఆదివారం పైకి చదవాల్సింది ఈ తేడానే. ఎవరైనా ఊరెళ్లినప్పుడు వంతుల వరుసను కదిలించకూడదని చెప్పేదీ ఇందుకే. వరుస అలాగే ఉండి, చేసినవాడి పేరు మారితే లెక్క దానంతటదే సర్దుకుంటుంది. వరుసనే మారిస్తే నలుగురి ఫోన్లలోని రిమైండర్లూ తప్పిపోతాయి.

బాకీని డబ్బులతో తీర్చే పద్ధతి మాత్రం పెట్టుకోవద్దు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని డేకేర్ కేంద్రాలు జరిమానా వేస్తే ఆలస్యంగా వచ్చేవాళ్లు పెరిగారని యూరీ నీజీ, ఆల్డో రుస్తికీనీ అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు. తప్పు చేస్తున్నామన్న బిడియం పోయి, అది కొనుక్కునే సదుపాయం అయిపోయింది. ఫ్లాట్‌లో కూడా జీతం ఎక్కువున్నవాడు యాభై రూపాయలు పడేసి పడుకుంటాడు, తక్కువున్నవాడు పని మనిషి అవుతాడు. బాకీ పనితోనే తీరాలి. ఇమ్రాన్ వచ్చే వారం ఎక్కువ చేసినవాళ్ల వంతుల్లోంచి ఒక అన్నం, ఒక చెత్త తీసుకుంటే మూడూ చెల్లిపోతాయి.

ఐదో మనిషి వచ్చి చేరితే పాత పట్టికను దిద్దకండి. దిద్దితే గడిచిన వారాల వంతులు కూడా మారిపోతాయి. కొత్త షీట్ తీసి, కొత్త సోమవారం తేదీ వేసి, పేర్ల వరుసను L6 దాకా పొడిగించి, నాలుగు స్థానంలో ఐదు పెట్టండి. పనులు నాలుగే కాబట్టి రోజూ ఒకరికి సెలవు దొరుకుతుంది. క్యాలెండర్లలో కూడా ప్రతి 5 రోజులకు అని మార్చాలి.

ఒక్కటి మాత్రం పాటించండి. నలుగురున్న ఇంట్లో ఈ చక్రం పూర్తిగా తిరగడానికి 28 రోజులు పడుతుంది. అప్పటికి ప్రతి ఒక్కరి వంతూ 13, 14, 14, 15 కలిసి సరిగ్గా 56 అవుతుంది. ఆ నాలుగు వారాలూ గడిచేదాకా మార్కులు మార్చకండి, ఎవరి మీదా తీర్పు చెప్పకండి.