ఐదు వేల బాకీ, ఒకటిన్నర నిమిషం

ఇద్దరు స్నేహితులు, ఒక గది, ఒక సెల్‌ఫోన్ కెమెరా. సొంత ఛానల్ పెట్టుకున్న చాలామంది కుర్రాళ్ల పెట్టుబడి ఇంతే. యూట్యూబ్ తన షార్ట్స్‌ను 2020 సెప్టెంబరులో మొదట మన దేశంలోనే పరీక్షించి చూసింది. చాలాకాలం ఆ వీడియోలకు 60 సెకన్లే గడువు. 2024 అక్టోబరు 15 నుంచి అది మూడు నిమిషాలకు పెరిగింది. గడువు పెరిగింది కదా అని స్కిట్‌ను సాగదీస్తే మాత్రం చూసేవాడి వేలు ఆగదు. ఒకే ఒక్క మలుపున్న కథకు ఒకటిన్నర నిమిషం చాలు. అంత చిన్న స్కిట్‌లో రాసేవాడి పనితనం ఎక్కడ తెలుస్తుందో చూడాలంటే ఒక స్క్రిప్టును ముందు పెట్టుకోవడమే మంచిది.

గదిలో రమేష్ కొత్త బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. శీను గుమ్మం దగ్గర నసుగుతున్నాడు.

శీను: మామా, ఒక ఫ్రెండ్ నాకు ఐదు వేలు ఇవ్వాలిరా. ఆర్నెల్లయింది. రోజూ కనిపిస్తాడు. అడగాలంటే మొహమాటం.

రమేష్: నీ డబ్బు నువ్వు అడగడానికి మొహమాటమేంట్రా! నన్నే వాడనుకో. అడుగు.

శీను: ఏరా... అమ్మ బాగుందా?

రమేష్: అమ్మ సంగతి ఎందుకురా? డబ్బులడుగు!

శీను: అదే... నీకు కుదిరితే...

రమేష్: కుదిరితే అన్నావో, కుదరదంటాడు. కాలర్ పట్టుకో!

శీను (కాలర్ పట్టుకుని): నా ఐదు వేలు ఇప్పుడే, ఇక్కడే ఫోన్‌పే చెయ్!

రమేష్ (చప్పట్లు కొడుతూ): అదీ! ఇలా అడుగు, చచ్చినట్టు ఇస్తాడు.

శీను కాలర్ వదలడు. రమేష్ నవ్వు మెల్లగా ఆగిపోతుంది.

శీను: చెయ్ మరి.

రమేష్ (చిన్న గొంతుతో): ఆ ‘కుదిరితే’ అన్నావు చూడు... అదే బాగుందిరా.

కట్.

మామూలుగా కొత్తవాళ్లు ముందు కథంతా రాసుకుని, చివర్లో ఒక ట్విస్ట్ తగిలిస్తారు. పని నడవాల్సింది అటు నుంచి ఇటు. అప్పు తీసుకున్నది రమేషే అని ముందు తేల్చుకున్నాక, శీను నోట ఏ మాట వచ్చినా రెండు అర్థాల్లోనూ నిలబడాలి. ‘ఒక ఫ్రెండ్’ అన్నాడు. మొదటిసారి వింటే మూడోవాడెవడో అనిపిస్తుంది, రెండోసారి వింటే ఎదురుగా ఉన్నవాడే. ‘రోజూ కనిపిస్తాడు’ అన్నదీ అంతే. అదే శీను చేత ‘వాడు విజయవాడలో ఉంటాడు’ అనిపించి ఉంటే మలుపు మరింత గట్టిగా దాగేది, కానీ అది అబద్ధం. ప్రేక్షకుడు తాను బోల్తా పడితే నవ్వుతాడు, తనను మోసం చేస్తే నవ్వడు. స్క్రిప్టు పూర్తయ్యాక చివరి నుంచి మొదటికి ఒక్కొక్క లైనూ చదువుకుంటూ, ఇది తెలిసినవాడు అనే మాటేనా అని అడిగి చూసుకుంటే ఇలాంటి తప్పులు దొరుకుతాయి.

కొత్త బూట్లు కూడా అలాంటి ఆనవాలే. వాటి గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. ‘బూట్లు కొత్తవా మామా?’ అని శీను అడిగితే సగంమంది అక్కడే పట్టేస్తారు. కెమెరా ఒక్క క్షణం వాటి మీద ఉండి పైకి వస్తే సరిపోతుంది.

ఎంత దాచాలన్నది కాగితం మీద తేలదు. స్క్రిప్టు తెలియని స్నేహితుడికి ఒకసారి చూపించాలి. ‘రోజూ కనిపిస్తాడు’ దగ్గరే అతను నవ్వేశాడంటే ఆనవాలు బరువెక్కింది. చివర్లో ‘ఇంతకీ ఎవడు వాడు?’ అని అడిగాడంటే మరీ తేలిపోయింది. మన రచయితలకు ఈ రెండో భయమే ఎక్కువ. అందుకే ‘ఆ ఫ్రెండ్ నువ్వేరా!’ అని శీను చేత అరిపించి, వెనక ఢమాల్‌మని ఒక చప్పుడు కూడా వేస్తారు. ‘చెయ్ మరి’ అన్న రెండు మాటల్లో ఆ సంగతి లేదు. దాన్ని చూసేవాడే కూర్చుకుంటాడు, నవ్వు పుట్టేది ఆ కూర్చుకోవడంలోనే. శీను కాలర్ వదలకపోవడమే అసలు మలుపు, మాట దాని వెనకే వస్తుంది.

శీను మూడుసార్లే ఎందుకు అడగాలి? మొదటిసారి అమ్మను అడిగాడు, రెండోసారి ‘కుదిరితే’ అన్నాడు. ఈ రెండింటితో వీడివల్ల కాదని చూసేవాడికి నమ్మకం కుదురుతుంది. మూడోసారి ఆ నమ్మకం తలకిందులవుతుంది. నాలుగోది పెడితే మలుపు ఆలస్యమై పట్టు సడలుతుంది.

ఇద్దరు మనుషుల హాస్యంలో మరో లెక్క ఉంది. ఒకడు నవ్విస్తాడు, ఇంకొకడు నిటారుగా నిలబడి ఆ నవ్వుకు దారి ఇస్తాడు. అమెరికన్ జంట అబ్బాట్, కాస్టెల్లోలలో బడ్ అబ్బాట్ ఈ రెండో రకం. తొలిరోజుల్లో సంపాదనలో పెద్ద వాటా అతనిదే, ఎందుకంటే ఆ రంగస్థలాల మీద నవ్వించేవాడి కంటే నిలబెట్టేవాడు దొరకడమే కష్టమని లెక్క. 1938లో రేడియోకెక్కి పేరు తెచ్చుకున్న వాళ్ల బేస్‌బాల్ స్కిట్‌లో ఆటగాళ్ల పేర్లే ‘ఎవరు’, ‘ఏమిటి’. ఆ తిరకాసు శ్రోతలకు మొదట్లోనే తెలిసిపోతుంది, తెలియక గింజుకునేది కాస్టెల్లో ఒక్కడే. మన బాకీ స్కిట్ దానికి తిరగేసిన కొలత. ఇక్కడ శీనుకే తెలుసు, రమేష్‌తో పాటు ప్రేక్షకుడికీ తెలియదు. అందుకే మొదట్లో గురువులా వెలిగే రమేష్ చివరికి పిల్లిలా ముడుచుకుపోవాలి, నసిగే శీను మాత్రం చివరిదాకా ముఖం మార్చకూడదు. శీను ఒక్కసారి కొంటెగా నవ్వినా మలుపు ముందే బయటపడుతుంది. ఇద్దరిలో బాగా నటించగలిగినవాడికి శీను వేషమే ఇవ్వాలి. చాలా ఛానళ్లలో రమేష్ వేషం కోసం పోటీపడతారు, అదే పొరపాటు.

ఇక ముగింపు. మలుపు తిరిగాక స్కిట్‌కు మిగిలే ఊపిరి అయిదారు సెకన్లే. పాతకాలపు అమెరికన్ వినోద రంగస్థలాల మీద పంచ్ పడగానే దీపాలు ఆర్పేసేవారు. 1969లో బీబీసీలో మొదలైన మాంటీ పైథాన్ బృందం పంచ్‌కే స్వస్తి చెప్పి, మధ్యలోనే ఒక స్కిట్‌ను వదిలి మరోదానిలోకి దూకేసేది. దూకడానికి మరో స్కిట్ సిద్ధంగా ఉన్నవాళ్లకు అది చెల్లింది. ఒక్క స్కిట్టే ఉన్న ఛానల్‌కు చివరి మాట కావాల్సిందే, అది మలుపును వివరించకుండా ఇంకో మెట్టు ఎక్కించాలి. రమేష్ ‘సారీరా, ఇచ్చేస్తా’ అంటే కథ తీరుతుంది కానీ నవ్వు రాదు. తాను ఎగతాళి చేసిన ‘కుదిరితే’నే తాను బతిమాలుకుంటే వస్తుంది. ఆ మాట అంతకుముందే పడి ఉండటం వల్ల కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు, అందుకే వెంటనే కట్ చెప్పొచ్చు.

చిత్రీకరణలో ఒక చిక్కుంది. నిలువు తెరలో ఇద్దరు పక్కపక్కన నిలబడితే చెరో భుజం తెగిపోతుంది. మొదట ఒకడు గుమ్మంలో, ఒకడు మంచం మీద ఉన్నప్పుడు విడివిడి షాట్లు తీసుకోవచ్చు. కాలర్ పట్టుకున్నాక రెండు ముఖాలూ దగ్గరకొస్తాయి కాబట్టి అక్కడ ఒకే షాట్‌లో ఆగాలి. రమేష్ నవ్వు ఆగిపోయే ఆ రెండు క్షణాలను ఎడిటింగ్‌లో తగ్గించే పని పెట్టుకోవద్దు. కింద అక్షరాలు వేసేవాళ్లు ‘చెయ్ మరి’ని శీను పెదవి కదలకముందే తెర మీదికి తేకూడదు. వీడియోకు పేరు కూడా ‘అప్పు అడగడం ఎలా?’ అంటే చాలు. ‘ఫ్రెండ్ చేసిన మోసం’ అని పెట్టి చూస్తే, క్లిక్కులు రావచ్చేమో గాని, రమేష్ చప్పట్లు కొట్టకముందే అందరికీ దొరికిపోతాడు.