ఒక్క మెట్టు దాచి అడగండి

పదో తరగతి పిల్లల్ని థేల్స్ సిద్ధాంతం రాయమంటే చాలామంది తడుముకోకుండా రాసేస్తారు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అన్నీ వరసలో ఉంటాయి. బొమ్మ కూడా పుస్తకంలో ఉన్నట్టే దింపేస్తారు. రాసిన ఆ కాగితాన్నే వాళ్ల ముందు పెట్టి, మధ్యలో ఒక్క వాక్యం మీద చీటీ ముక్క కప్పి, ఇక్కడ ఏముండాలో చెప్పమనండి. గడగడా రాసినవాళ్లలో కొందరు అక్కడ ఆగిపోతారు. మళ్లీ మొదటి నుంచి పెదవులు కదుపుతూ వచ్చి ఆ వాక్యాన్ని అందుకోవాలని చూస్తారు. అంటే వాళ్లకు గుర్తున్నది వాక్యాల వరస మాత్రమే. ఏ వాక్యం దేని మీద ఆధారపడి నిలబడిందో తెలియదు.

ఆ చీటీ ముక్కతోనే ఈ లోపాన్ని సరిచేయొచ్చు. క్లాసులో చెప్పిన సిద్ధాంతాన్నే తీసుకుని, ప్రతిసారీ ఒక్క మెట్టు దాచి, మిగతాదంతా కనబడనిచ్చి, దాచినదాన్ని విద్యార్థి చేతే కట్టించాలి. ఏ మెట్టు దాచాలి, ఏ వరసలో దాచాలి, వచ్చిన జవాబును ఎలా తూచాలి అన్నదే ఇందులో అసలు పని. థేల్స్ సిద్ధాంతంతోనే చూద్దాం.

ఆరు మెట్లు

పాఠ్యపుస్తకాల్లో దీన్నే ప్రాథమిక అనుపాత సిద్ధాంతం అంటారు. ABC త్రిభుజంలో BC భుజానికి సమాంతరంగా గీసిన రేఖ, AB భుజాన్ని D దగ్గర, AC భుజాన్ని E దగ్గర ఖండిస్తే AD/DB = AE/EC అవుతుందని చెబుతుంది. నిర్మాణంలో BE, CD కలుపుతాం. E నుంచి AB మీదికి EN, D నుంచి AC మీదికి DM లంబాలు గీస్తాం. ఆ తర్వాత ఉపపత్తి ఇలా నడుస్తుంది:

1. △ADE వైశాల్యం = ½ × AD × EN. △BDE వైశాల్యం = ½ × DB × EN.
2. కాబట్టి △ADE, △BDE వైశాల్యాల నిష్పత్తి AD/DB.
3. △ADE వైశాల్యం = ½ × AE × DM. △CDE వైశాల్యం = ½ × EC × DM.
4. కాబట్టి △ADE, △CDE వైశాల్యాల నిష్పత్తి AE/EC.
5. △BDE, △CDE వైశాల్యాలు సమానం. రెండింటికీ DE భూమి. రెండూ DE, BC సమాంతర రేఖల మధ్య ఉన్నాయి.
6. కాబట్టి AD/DB = AE/EC.

ముందుగా చివరి మెట్టు దాచాలి. పైన ఐదూ కనబడుతుంటాయి కాబట్టి విద్యార్థి చేయాల్సింది వాటిని కలపడమే. రెండు నిష్పత్తుల్లోనూ లవం △ADE వైశాల్యమే, హారాలు ఐదో మెట్టు ప్రకారం సమానం, కాబట్టి నిష్పత్తులు సమానం. ఇది తేలికే. కానీ రెండు, నాలుగు, ఐదు మెట్లు మూడూ చేరితేనే ముగింపు వస్తుందని ఇక్కడే కంటికి ఆనుతుంది. తర్వాత ఆరో మెట్టును తెరిచి నాలుగోదాన్ని కప్పితే, రెండో మెట్టును చూసి సులువుగానే పూరిస్తారు.

చివరి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. చేసి చూపించిన లెక్కలోంచి మెట్లను కొద్దికొద్దిగా తీసేస్తూ నేర్పడం గురించి అలెగ్జాండర్ రెంకెల్, రాబర్ట్ అట్కిన్సన్ తమ సహచరులతో చేసిన ప్రయోగాలు 2002లో అచ్చయ్యాయి. మొదటి మెట్టు నుంచి తీయడం కన్నా చివరి మెట్టు నుంచి తీస్తూ రావడం మేలని వాళ్లు సూచించారు. వాళ్లు వాడినవి జ్యామితి ఉపపత్తులు కావు గానీ, ఆ వరస ఇక్కడా నప్పుతుంది. చివరి మెట్టు దాస్తే దానికి కావలసిన సరుకంతా పైనే ఉంటుంది. మొదటిది దాస్తే, ఇంకా ఎటు పోవాలో తెలియని చోటే విద్యార్థిని నిలబెట్టినట్టవుతుంది.

గుండెకాయ ఐదో మెట్టు

అసలు పరీక్ష ఐదో మెట్టును దాచినప్పుడు. పై నాలుగు మెట్లను ఎంత తిప్పినా ఇది వాటిలోంచి రాదు. అందుకే విద్యార్థి చూపును కింది మెట్టు వైపు తిప్పాలి. ఆరో మెట్టు రావాలంటే ఏది సమానం కావాలి? రెండు నిష్పత్తుల హారాలు, అంటే △BDE, △CDE వైశాల్యాలు. అవి సమానమని ఎవరు చెప్పాలి? అప్పుడు దత్తాంశం మళ్లీ చదవమనండి. ఇప్పటిదాకా ఎక్కడా వాడని మాట ఒకటి కనిపిస్తుంది: DE ∥ BC. ఒకే భూమి మీద, అవే సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానమని తొమ్మిదో తరగతిలో చదువుకున్నది అప్పుడు పనికొస్తుంది.

ఈ ఖాళీలో వచ్చే తప్పు జవాబులు కూడా చాలా చెబుతాయి. కొందరు △BDE, △CDE సర్వసమానాలు అని రాస్తారు. వైశాల్యాలు సమానమైనంత మాత్రాన త్రిభుజాలు సర్వసమానం కానక్కర్లేదు. AB కన్నా AC బాగా పొడవుండేలా బొమ్మ గీయిస్తే BD, CE పొడవుల తేడా వాళ్లకే తెలుస్తుంది. సమద్విబాహు త్రిభుజంలాంటి బొమ్మే ఎప్పుడూ గీసేవాళ్లకు ఈ పొరపాటు ఎక్కువ.

ఇంకో జవాబు మరింత తెలివైనది, అందుకే పట్టుకోవడం కష్టం. △ADE, △ABC సరూపాలు, కాబట్టి భుజాల నిష్పత్తులు సమానం అని రాస్తారు. మాట నిజమే. కానీ ఇక్కడ చెల్లదు. కోణాలు సమానమైతే త్రిభుజాలు సరూపమన్న నియమాన్ని పదో తరగతి పుస్తకం నిరూపించేది ఈ థేల్స్ సిద్ధాంతాన్ని ఆసరా చేసుకునే. దాన్ని తెచ్చి దీన్ని నిరూపిస్తే, నిరూపించాల్సినదాన్నే కారణంగా చూపినట్టు. కాబట్టి విద్యార్థి ఏ కారణం రాసినా, అది ఈ సిద్ధాంతానికి ముందే నిరూపించినదా, తర్వాత వచ్చేదా అని అడగాలి.

ఐదో మెట్టు బరువు తెలియాలంటే సమాంతరం కాని రేఖతో ఒకసారి చూడాలి. AD = 4, DB = 2, AE = 3, EC = 3 సెంటీమీటర్లు ఉండేలా DE గీయండి. ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లు ఇక్కడ కూడా నిజమే. △ADE వైశాల్యం △BDEకి రెట్టింపు, △CDEకి సమానం. అంటే △BDE, △CDE వైశాల్యాలు సమానం కావు. ఒక నిష్పత్తి 2, రెండోది 1. ఉపపత్తి తెగిపోయింది సరిగ్గా ఐదో మెట్టు దగ్గరే. సమాంతరత అవసరమైన చోటు మొత్తం ఉపపత్తిలో అదొక్కటే.

బయట పడ్డ ఎత్తు

మొదటి మెట్టును దాచి, వైశాల్యాలు రాయమంటే మరో చిక్కు బయటపడుతుంది. △ADEకి EN ఎత్తు అని ఒప్పుకున్నవాళ్లే △BDE దగ్గరకు వచ్చేసరికి తటపటాయిస్తారు.

"సార్, EN ఆ త్రిభుజంలో లేదు కదా, దాని ఎత్తెలా అవుతుంది?"

"DB ఏ రేఖ మీద ఉందమ్మా?"

"AB మీద."

"E నుంచి AB రేఖకు దూరం ఎంత?"

"EN... అంటే రెండింటికీ ఒకటే."

మామూలు బొమ్మలో N బిందువు A, D ల మధ్య పడుతుంది. అందుకని △BDE ఎత్తు దాని బయట ఉంటుంది. ఎత్తు అంటే శీర్షం నుంచి భూమి ఉన్న రేఖకు గల లంబదూరం, అది త్రిభుజం లోపలే ఉండాలన్న నియమం లేదు. మొత్తం ఉపపత్తిని అప్పజెప్పించుకుంటే ఈ అనుమానం ఎప్పటికీ పైకి రాదు. ఆ ఒక్క వాక్యం దాచినందుకే వచ్చింది.

నిర్మాణం ఆఖర్న

మెట్లన్నీ అయ్యాక నిర్మాణాన్ని దాచాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. BE, CD ఎందుకు కలిపారో పుస్తకం చెప్పదు. దీనికి దారి కూడా కింది నుంచే. మనకు AD/DB కావాలి. రెండు పొడవుల నిష్పత్తిని వైశాల్యాల నిష్పత్తిగా మార్చాలంటే, ఆ రెంటినీ భూములుగా చేసుకుని ఒకే ఎత్తున్న రెండు త్రిభుజాలు ఉండాలి. AD, DB ఒకే రేఖ మీద ఉన్నాయి. E ని రెంటికీ శీర్షంగా తీసుకుంటే ఎత్తు ఒకటే అవుతుంది. △ADE ఇప్పటికే ఉంది. రెండోది రావాలంటే BE కలపాలి. అటువైపు AE, EC కోసం CD కలపాలి.

యూక్లిడ్ తన ఎలిమెంట్స్ ఆరో భాగం రెండో ప్రతిపాదనలో చేసింది ఇదే. ఆయన లంబాలు గీయలేదు. ఒకే ఎత్తున్న త్రిభుజాల వైశాల్యాలు భూముల నిష్పత్తిలోనే ఉంటాయని అంతకు ముందు ప్రతిపాదనలోనే నిరూపించుకున్నాడు. కాబట్టి EN, DM గీతలు ఎత్తును రాసి చూపడానికి వచ్చినవి. BE, CD లేకుండా మాత్రం పని జరగదు. నిర్మాణాన్ని దాచినప్పుడు విద్యార్థి BE, CD పట్టుకుంటే చాలు, లంబాలు మరిచినా నష్టం లేదు.

జవాబును తూచడం

ఖాళీలో రాసిన వాక్యం పుస్తకంలోని వాక్యంతో కలవాల్సిన అవసరం లేదు. ఐదో మెట్టులో, సమాంతర రేఖల మధ్య దూరం అంతటా ఒకటే కాబట్టి B, C ల నుంచి DE రేఖకు గీసిన ఎత్తులు సమానం అని రాసినా పూర్తి మార్కులే ఇవ్వాలి. చూడాల్సినవి మూడు: అది పైవాటి నుంచో దత్తాంశం నుంచో వస్తుందా, కింది మెట్టు దాని నుంచి వస్తుందా, చెప్పిన కారణం ముందే నిరూపించినదేనా.

ఈ పద్ధతికి ఒక ప్రమాదం ఉంది. అదే బొమ్మ, అవే అక్షరాలు వాడుతూ పోతే పిల్లలు ఖాళీలను కూడా బట్టీ పట్టేస్తారు. అందుకని రెండోసారికి త్రిభుజాన్ని PQR చేయండి, సమాంతర రేఖను ST అనండి, బొమ్మను తలకిందులు చేయండి. జవాబులో అలవాటుగా DE అని వస్తే చదివింది అక్షరాలనేనని తేలిపోతుంది.

నిజంగా వచ్చిందో లేదో తేల్చడానికి వేరే లెక్క ఇవ్వాలి. ABCD సమలంబ చతుర్భుజంలో AB ∥ DC. కర్ణాలు O దగ్గర ఖండించుకుంటాయి. AO/OC = BO/OD అని థేల్స్ సిద్ధాంతంతో నిరూపించమనండి, నిర్మాణం మాత్రం చెప్పకండి. బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కింది నుంచి పైకి ఆలోచించడం అలవాటైనవాళ్లు, థేల్స్ వాడాలంటే త్రిభుజంలో ఒక భుజానికి సమాంతర రేఖ ఉండాలి, O గుండా అది లేదు, కాబట్టి గీయాలి అనుకుంటారు. O గుండా AB కి సమాంతరంగా గీసిన రేఖ AD ని E దగ్గర ఖండిస్తుంది. △ADCలో AE/ED = AO/OC. △ABDలో AE/ED = BO/OD. ఆ రేఖను ఎవరూ చెప్పకుండా గీసిన విద్యార్థికి ఇక థేల్స్ సిద్ధాంతం మీద చీటీ ముక్క కప్పనక్కర్లేదు, తర్వాతి సిద్ధాంతానికి వెళ్లొచ్చు.