పాస్‌బుక్‌లో దాగిన అప్పు పత్రం

హైదరాబాద్‌లో 42 ఏళ్ల ఉద్యోగిని అనుకుందాం. మ్యూచువల్ ఫండ్లలో, అన్నీ షేర్లవే, 12 లక్షలు. ఎఫ్‌డీలో 4 లక్షలు. ‘నా డబ్బు ముప్పాతిక భాగం షేర్లలోనే ఉంది’ అని ఆమె భయం. పీఎఫ్‌లోని 24 లక్షలు లెక్కలోకి రాలేదు మరి! ఏటా ప్రకటించిన వడ్డీ వచ్చే పీఎఫ్ స్థిరాదాయం కిందికే వస్తుంది. అది కలిపితే షేర్ల వాటా 30 శాతమే.

సగం సగం కావాలంటే? పీఎఫ్‌ను కదపక్కర్లేదు, ఎఫ్‌డీ అత్యవసరాలకు ఉండాలి. మార్చగలిగేది కొత్త పొదుపునే. బేసిక్ 60,000 అయితే ఆమె వాటా 7,200, పెన్షన్‌కు 1,250 పోగా యజమాని వాటా 5,950, నెలనెలా పీఎఫ్‌లో చేరుతుంటాయి. అంటే 13,150 సిప్ కట్టినా పాత 16 లక్షల తేడా తగ్గదు. అంతకు మించి కట్టాల్సిందే.