నల్లపూసల బిల్లులో తరుగు లెక్క

మా మేనల్లుడి పెళ్లికి, కొత్త కోడలికి పెట్టే నల్లపూసల కోసం అక్కా నేనూ విజయవాడ బందరు రోడ్డులో ఒక రోజంతా తిరిగాం. సాయంత్రానికి అక్క సంచీలో మూడు షాపుల ఎస్టిమేట్ స్లిప్పులు చేరాయి. ఒక చోట తరుగు 14 శాతం అన్నారు. ఇంకో చోట తొమ్మిదే అన్నారు. మూడో చోట తరుగే లేదు, మజూరీ మాత్రం తీసుకుంటామన్నారు. "లేదన్న చోటే కొనేద్దాంరా, ఇంక ఆలోచనెందుకు?" అంది అక్క. ఇంటికెళ్లి లెక్క కట్టి చూశాక రేపు వద్దాం అన్నాను. ఆ రాత్రి కట్టిన లెక్కే ఇది.

ముందు తరుగు అంటే ఏమిటో చెప్పాలి. మా ఊళ్లో వయసు మళ్లిన ఒక ఆచారిగారున్నారు. ఆయన వయసులో ఉన్నప్పుడు బంగారం మనమే తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. కరిగించేటప్పుడు కొంత, ఆకురాయి పట్టేటప్పుడు కొంత, మెరుగు పెట్టేటప్పుడు ఇంకొంత పోయేది. అలా పోయినదే తరుగు. చేతిపనికి ఇచ్చే కూలి మజూరీ. రెండూ వేర్వేరు. "పోయిందంతా పోయినట్టు కాదు నాయనా. కూర్చున్న చోటు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కాల్చి, బూడిదలోంచి మళ్లీ తీసుకునేవాళ్లం" అని ఆయనే చెప్పారు. ఇప్పుడు చాలా గొలుసులు యంత్రం మీద తయారవుతాయి. రజను కూడా పోగుచేసి శుద్ధి చేస్తారు. అందుకే బిల్లులో కనిపించే 14 శాతం బంగారం ఎక్కడో గాలిలో కలిసిపోయిందని అనుకోనక్కర్లేదు. పనివాడి కూలి, డిజైను, షాపు ఖర్చు, లాభం అన్నీ అందులోనే ఉంటాయి. కొన్ని షాపులు ఈ మొత్తానికి వీఏ అని పేరు పెట్టి ట్యాగు మీదే శాతం రాస్తాయి. నా మటుకు నాకు ఆ పేరే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

తరుగుకు గానీ మజూరీకి గానీ ఇంతకు మించి తీసుకోకూడదని ప్రభుత్వం పెట్టిన పరిమితి లేదు. హాల్‌మార్క్ బంగారం ఎంత స్వచ్ఛమైనదో చెబుతుంది. 916 అని ఉంటే వెయ్యి భాగాల్లో 916 మేలిమి, అంటే 22 క్యారెట్లు. తరుగు ఎంత వేశారన్నది ఆ ముద్రకు సంబంధం లేని సంగతి. అది షాపుకూ మనకూ మధ్య బేరమే.

ఇక స్లిప్పుల దగ్గరికొద్దాం. లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలనుకుందాం. మూడు షాపుల్లో గొలుసుల బరువులు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి గానీ, ఇక్కడ మూడూ ఒకే బరువని రాస్తున్నాను. నల్లపూసలు, దారం కలిపి తూస్తే 28 గ్రాములు. దీన్నే గ్రాస్ వెయిట్ అంటారు. పూసలు తీసేస్తే బంగారం 24 గ్రాములు, మన లెక్కలో మూడు కాసులు. ఇది నెట్ వెయిట్. ఈ రెండు అంకెలూ ట్యాగు మీద విడివిడిగా ఉన్నాయో లేదో చూడటమే మొదటి పని. నల్లపూసలు, ముత్యాలు, కెంపులు, లోపల లక్క నింపిన నగలు, ఇలాంటి వాటిలో తేడా వచ్చేది ఇక్కడే.

మొదటి షాపులో 14 శాతం వీఏ, వేరే మజూరీ లేదు. 24 గ్రాముల మీద 14 శాతం అంటే 3.36 గ్రాములు. మన చేతికొచ్చేది 24 గ్రాములు, డబ్బు కట్టేది 27.36 గ్రాములకు. అది 2,73,600 రూపాయలు. పూసలకు 600 వేశారు. మొత్తం 2,74,200.

రెండో షాపులో తొమ్మిది శాతమే, దాంతోపాటు గ్రాముకు 350 మజూరీ. పూసలు ఉచితం. వినడానికి ఎంతో బాగుంది. కానీ స్లిప్పు నిదానంగా చదివితే తరుగునూ మజూరీనీ 24 మీద కాక, పూసలతో కలిపిన 28 గ్రాముల మీద వేశారు. తరుగు 2.52 గ్రాములకు 25,200, మజూరీ 9,800. బంగారం విలువ 2,40,000 కలిపితే 2,75,000. నల్లపూసకు తరుగేమిటి? దాన్ని ఎవరూ కరిగించలేదు, ఆకురాయి పట్టలేదు. 24 గ్రాముల మీదే లెక్కేసి ఉంటే అదే షాపులో 2,70,000 అయ్యేది. ఉచితమన్న పూసల కోసం అక్క చేత 5,000 కట్టించబోయారన్నమాట. ఆ సేల్స్‌మన్ చాలా మర్యాదగా మాట్లాడాడు, మంచినీళ్లిచ్చాడు, అయినా ఆ అంకె చూశాక నాకు బాధేసింది.

మూడో షాపులో తరుగు సున్నా, మజూరీ గ్రాముకు 1,150. అయితే వాళ్ల బోర్డు మీద గ్రాము రేటు 10,000 కాదు, 10,120. ఒకే ఊళ్లో ఒకే రోజు రేటు షాపుకో రకంగా ఉండొచ్చు. గ్రాముకు 120 అంటే చిన్నదే అనిపిస్తుంది గానీ 24 గ్రాములకు 2,880. బంగారం 2,42,880, మజూరీ 27,600, పైగా పూసలకు 4,000. మొత్తం 2,74,480.

అంటే 14 శాతం, తొమ్మిది శాతం, సున్నా అని మూడు రకాలుగా చెప్పిన ధరలు చివరికి 800 రూపాయల తేడాలో ఒకే చోటికొచ్చి నిలిచాయి. శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఉపయోగం లేదని అక్కకు అప్పుడు అర్థమైంది. ఏ శాతం, దేని మీద, ఏ రేటుకు అన్న మూడూ తెలిస్తే తప్ప ఆ అంకెకు అర్థం లేదు.

అందుకే అన్నింటినీ ఒకే అంకెలోకి తెచ్చుకోవాలి. జీఎస్టీకి ముందున్న మొత్తాన్ని నెట్ వెయిట్‌తో భాగించాలి. మొదటి షాపులో గ్రాముకు 11,425, రెండో చోట 11,458, మూడో చోట 11,437 పడింది. గొలుసుల బరువులు వేరైనా ఈ అంకెలను పోల్చుకోవచ్చు. నిజమైన వజ్రాలో, ఖరీదైన కెంపులో ఉన్న నగ అయితే వాటి ధర ముందు తీసేసి, మిగిలినదాన్ని భాగించాలి. రాళ్ల ధర వేరే రాయించుకోకపోతే ఈ లెక్క సాగదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పోల్చే నగలు ఒకే రకం పనివై ఉండాలి. యంత్రం మీద వచ్చిన సాదా గొలుసుకూ, చేత్తో చెక్కిన నక్షీ హారానికీ ఒకే తరుగు అడిగితే న్యాయం కాదు. నక్షీలో ఒక్కో లక్ష్మీదేవి బొమ్మకు పనివాడు గంటలు వెచ్చిస్తాడు. ఆ కష్టానికి ఇవ్వాల్సిందే. నాకు అభ్యంతరమల్లా ఆ కూలిని బంగారం రేటుకు ముడిపెట్టడం మీదే. గ్రాము 5,000 ఉన్నప్పుడు 14 శాతమంటే గ్రాముకు 700. గ్రాము 10,000 అయితే 1,400. గొలుసు అదే, పని అదే, పట్టిన సమయమూ అదే. అందుకని సాదా నగలకు గ్రాముకు ఇన్ని రూపాయలని మజూరీ మాట్లాడుకోవడమే కొనేవాళ్లకు మేలని నా అభిప్రాయం.

"మజూరీపై సగం తగ్గింపు" అన్న పండగ బోర్డులకూ ఈ భాగహారమే మందు. ఇరవై శాతం రాసి సగం తగ్గించినా, మొదటే పది శాతం రాసినా కట్టేది ఒకటే. పండగకు ముందు అదే గొలుసుకు గ్రాము ఎంత పడిందో తెలిస్తే తగ్గిందో లేదో తెలిసిపోతుంది.

మర్నాడు మళ్లీ మొదటి షాపుకే వెళ్లాం. వాళ్లు నెట్ వెయిట్ మీదే లెక్కేశారు కాబట్టి. అక్క తరుగు తగ్గించమని అడగలేదు. రెండో షాపు స్లిప్పు చూపించి, "ఈ తొమ్మిది శాతాన్ని, ఈ మజూరీని 24 గ్రాముల మీద వేస్తే గ్రాము 11,250 పడుతోంది. మీరెంతకిస్తారు?" అంది. మేనేజరు కాలిక్యులేటరు తీశాడు. 11.5 శాతానికి దిగాడు. 24 గ్రాముల మీద 2.76 గ్రాములు, అంటే 27,600. పూసల 600 కలిపి 2,68,200. గ్రాముకు 11,175 పడింది.

దీని మీద జీఎస్టీ మూడు శాతం, 8,046 రూపాయలు. షాపులో తయారుగా ఉన్న నగ కొంటే ఈ పన్ను బంగారం మీదే కాదు, తరుగు, మజూరీలతో కలిపిన మొత్తం మీద పడుతుంది. తరుగు తగ్గితే పన్నూ తగ్గుతుంది. హాల్‌మార్క్‌కు వస్తువుకు 45 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి 2,76,299. ముందురోజు స్లిప్పు ప్రకారం అయితే 6,180 ఎక్కువ కట్టేవాళ్లం.

జీఎస్టీ లేకుండా తెల్ల చీటీ మీద ఇస్తామనే షాపులూ ఉంటాయి. ఎనిమిది వేలు మిగులుతాయని ఆశపడితే, రేపు బంగారం నాణ్యత తక్కువని తేలినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు. హాల్‌మార్క్ నగ బిల్లులో వస్తువు పేరు, బంగారం నెట్ వెయిట్, ఎన్ని క్యారెట్లు, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాయాలన్నది నిబంధన. నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ వస్తువు గొలుసా గాజా, దాని స్వచ్ఛత ఎంత, ముద్ర వేసిన కేంద్రం ఏది అన్నవి కనిపిస్తాయి. డబ్బు కట్టేముందే కౌంటరు దగ్గర నిలబడి చూసుకున్నాం.

అక్క దగ్గర 16 గ్రాముల పాత గాజులున్నాయి. వాటిని ఇచ్చేసి మిగతా డబ్బు కడదామని ముందే అనుకుంది గానీ, కొత్త గొలుసు ధర తేలేదాకా ఆ మాట ఎత్తొద్దని చెప్పాను. రెండూ కలిపి మాట్లాడితే ఇక్కడ తగ్గించింది అక్కడ రాబట్టుకునే వీలుంటుంది. ముందురోజు రెండో షాపులో పాత బంగారానికి రెండు శాతం కోత అన్నారు. అంటే 0.32 గ్రాములు, 3,200 రూపాయలు. ఇక్కడ మా కళ్లెదుటే కరిగించి, పరీక్షలో 22 క్యారెట్లు తేలాక కోత లేకుండా ఆ రోజు రేటుకే తీసుకున్నారు. కరిగించాక బరువు 15.8 గ్రాములకొచ్చింది, 1,58,000 జమ చేశారు. పాతది ఇచ్చినంత మాత్రాన జీఎస్టీ తగ్గలేదు, కొత్త గొలుసు పూర్తి విలువ మీదే వేశారు.

ఆ గాజులు చేయించిన రోజుల్లో ఇచ్చిన తరుగు, మజూరీ తిరిగి రాలేదు, రావు కూడా. రేపు ఈ నల్లపూసలు మార్చినా లెక్కకొచ్చేది 24 గ్రాముల బంగారమే. అది విన్న అక్క బిల్లు మడిచి సంచీలో పెట్టుకుంటూ, "అయితే కోడలి గాజులు మటుకు సాదావే తీసుకుందాంరా" అంది.