44 అల్లితే 42 వచ్చే స్వెట్టర్

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్తే టైలరు టేపు తీయకముందే అడిగే మాట ఒకటుంది: "ఆది జాకెట్టు తెచ్చారా అమ్మా?" ఒంటికి కుదిరిన పాత జాకెట్టు చేతికొస్తే అతనికి సగం పని అయిపోయినట్టే. గుడ్డ అప్పటికే నేసి ఉంటుంది. కత్తెర ఎక్కడ పెడితే అక్కడ తెగుతుంది, అంగుళం అంగుళంగానే ఉంటుంది.

స్వెట్టర్ అల్లే మనిషికి ఆ సుఖం లేదు. ఊలు ఉండ, రెండు సూదులు పట్టుకుని ఆమె గుడ్డనూ కొలతనూ ఒకే చేత్తో, ఒకేసారి పుట్టిస్తుంది. ఒకరు దారం బిగించి లాగుతారు, మరొకరు వదులుగా వదిలేస్తారు. అందుకే ఒకే పుస్తకం చూసి, ఒకే రకం ఊలుతో, ఒకే సైజు సూదులతో అక్కాచెల్లెళ్లిద్దరూ అల్లినా ఒకరి స్వెట్టర్ ఛాతీ దగ్గర 40 అంగుళాలు, మరొకరిది 37 వస్తే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఇద్దరూ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చేశారు, వాళ్ల చేతులు మాత్రం వేరు.

ఆ చేతివాటాన్ని అంకెల్లో చెప్పేదే గేజ్. నాలుగు అంగుళాల వెడల్పులో ఎన్ని కుట్లు పడుతున్నాయన్నది దాని అర్థం. ప్యాటర్న్ రాసినవాళ్లు తమ గేజ్ మొదటే చెబుతారు. "4 అంగుళాలకు 20 కుట్లు" అని ఉంటే అంగుళానికి 5 కుట్లన్నమాట. వాళ్ల లెక్కలో 200 కుట్లున్న స్వెట్టర్ చుట్టుకొలత 40 అంగుళాలు, 220 కుట్లుంటే 44. సైజు పేరిట పుస్తకంలో అచ్చేసిన అంకె ఈ భాగహారం ఫలితమే. అల్లేవారి గేజ్ వేరైతే ఆ సైజు పేరు చెల్లదు, కుట్ల సంఖ్య మాత్రమే మిగులుతుంది.

ఒక ఉదాహరణతో చూద్దాం. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని విజయవాడ నుంచి షికాగో వెళ్లిన ఒక తల్లి ఉందనుకుందాం. బయట మంచు, ఇంట్లో పగలంతా ఖాళీ. ఊలు కొనుక్కుని కొడుక్కి స్వెట్టర్ మొదలుపెడదామనుకుంది. ప్యాటర్న్‌లో నాలుగు సైజులున్నాయి: పూర్తయ్యాక ఛాతీ 36, 40, 44, 48 అంగుళాలు. ఛాతీ దగ్గర కుట్లు వరసగా 180, 200, 220, 240. కొడుకు ఛాతీ టేపుతో కొలిస్తే 38. ఇప్పుడు ఏ సైజు అల్లాలి?

చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పుస్తకాల్లో ఛాతీ కొలత రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, ఆ స్వెట్టర్ ఎంత ఛాతీ ఉన్న మనిషికి సరిపోతుందన్నది. రెండోది, పూర్తయిన స్వెట్టర్ చుట్టుకొలత ఎంతన్నది. పాత బ్రిటిష్ ప్యాటర్న్‌లలో ఈ రెండూ పక్కపక్క వరుసల్లో కనిపిస్తాయి. లెక్కకు పనికొచ్చేది రెండోదే. ఈ రెండింటి మధ్య తేడాను మన టైలర్లు లూజు అంటారు. చొక్కా మీద మామూలుగా వేసుకునే స్వెట్టర్‌కు 2 నుంచి 4 అంగుళాల లూజు పెడతారు. లావు ఊలైతే ఇంకాస్త ఎక్కువ కావాలి, ఎందుకంటే చుట్టుకొలత బయటివైపు కొలుస్తాం, గుడ్డ మందం లోపలి చోటును కొంత తినేస్తుంది. ఒంటికి అతుక్కుని ఉండాల్సిన రిబ్బు అల్లికకు ఒంటి కొలత కంటే తక్కువే పెట్టి, అది సాగి కుదిరేలా చూస్తారు.

ఎంత లూజు కావాలో తేల్చుకోవడానికి టైలరు పద్ధతికి మించింది లేదు, అదే ఆది. కొడుక్కి బాగా నచ్చిన పాత స్వెట్టర్‌ను బల్ల మీద పరిచి, ఒక చంక కింద నుంచి రెండో చంక కిందికి కొలిచింది తల్లి. 21 అంగుళాలు. రెట్టింపు చేస్తే 42. ఒంటి కొలత 38, అంటే అతనికి 4 అంగుళాల లూజు ఇష్టమన్నమాట. కావలసిన కొలత 42 అని తేలింది, కానీ పుస్తకంలో 42 లేదు. 40 ఉంది, 44 ఉంది.

ఈ దశలో "కాస్త పెద్దదైనా ఫరవాలేదు" అని 44 మొదలుపెట్టేయబుద్ధవుతుంది. ముందు చిన్న నమూనా ముక్క అల్లి చూడాలి. అదే ఊలు, అదే 4.5 మిల్లీమీటర్ల సూది. ముక్క కనీసం ఆరంగుళాల వెడల్పు ఉండాలి, ఎందుకంటే అంచుల దగ్గర కుట్లు వంకరపోతాయి, నమ్మదగినవి మధ్యలోని నాలుగంగుళాలే. స్వెట్టర్‌ను గుండ్రటి సూదిపై చుట్టూ అల్లబోతుంటే ముక్క కూడా అలాగే రావాలి. ముందుకు వెనక్కు తిప్పుతూ అల్లితే ఒక వరుస నిట్, మరో వరుస పర్ల్ పడుతుంది. చాలామంది చేతిలో పర్ల్ కుట్టు కాస్త వదులుగా పడుతుంది. చుట్టూ అల్లినప్పుడు మనవైపు కనిపించేవన్నీ నిట్ కుట్లే. చిన్న ముక్కను చుట్టూ అల్లడం కుదరదు కాబట్టి ఒక ఉపాయం ఉంది. వరుస అయ్యాక ముక్కను తిప్పకుండా, కుట్లను సూది మీద మొదటికి జరిపి, దారాన్ని వెనక వదులుగా తెచ్చుకుని మళ్లీ నిట్ వరుసే అల్లాలి. వెనకవైపు వేలాడే దారాలతో ముక్క చూడ్డానికి చింపిరిగా ఉంటుంది కానీ చేతి నిజం చెబుతుంది.

సూదుల నుంచి దింపగానే ఆమె కొలిచింది. నాలుగంగుళాలకు 22 కుట్లు, అంగుళానికి 5.5. ఆ లెక్కన 220 కుట్లకు 40 అంగుళాలే వస్తుంది, 240 కుట్లకు 43.6. అయితే 48 సైజే అల్లాలేమో అనిపించింది.

మంచిపనే, మొదలుపెట్టలేదు. ముక్కను ఇంకా ఉతకలేదు. స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో ముక్కనూ అలాగే ఉతికి, లాగకుండా పరిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మెషీన్‌లో వేయొచ్చని లేబుల్ ఉన్న ఊలు తడిస్తే తరచూ సాగుతుంది, అక్రిలిక్ అంతగా మారదు. ఆరాక మెత్తటి టేపు కాకుండా గట్టి స్కేలు పెట్టి, V ఆకారపు కుట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఈసారి 21. అంగుళానికి 5.25. ఆ 240 కుట్ల స్వెట్టర్ మొదటిసారి ఉతికిన రోజున 45.7 అంగుళాలకు చేరేది, అంటే కావలసిన దానికంటే దాదాపు నాలుగంగుళాలు ఎక్కువ.

ఇప్పుడు అసలు లెక్క. కావలసిన 42 అంగుళాలను 5.25తో గుణిస్తే 220.5. పుస్తకంలో దీనికి దగ్గరగా ఉన్నది 220, అంటే 44 సైజు కుట్లు. తిరగేసి సరిచూస్తే 220ని 5.25తో భాగించగా 41.9. పుస్తకం 44 అని పిలిచే సైజు ఈమె చేతిలో 42 అవుతుంది. ముక్క అల్లకుండా 40 ఎంచుకుని ఉంటే 200 కుట్లకు 38.1 వచ్చి, కొడుకు ఒంటికి అంటుకుపోయేది. నాలుగంగుళాల ముక్కలో ఒక్క కుట్టు తేడా ఒంటి చుట్టూ దాదాపు రెండంగుళాలైంది. అందుకే లెక్కపెట్టేటప్పుడు అర కుట్టును కూడా వదలకూడదు.

ఈ గుణకారం మీదే తన పద్ధతి మొత్తం నిలబెట్టిన మనిషి ఎలిజబెత్ జిమ్మర్‌మన్. 1910లో ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్థిరపడిన ఆవిడ 1971లో 'నిటింగ్ వితౌట్ టియర్స్' అనే పుస్తకం రాశారు. గేజ్‌ను కావలసిన చుట్టుకొలతతో గుణించగా వచ్చిన సంఖ్యను నూరు శాతంగా తీసుకుని, స్వెట్టర్‌లోని మిగతా భాగాల కుట్లను అందులో శాతాలుగా లెక్కగట్టడం ఆవిడ పద్ధతి. అచ్చేసిన సైజుల జాబితాతో ఆవిడకు పనే లేదు. మన షికాగో తల్లి అంతదూరం పోనక్కర్లేదు, ఆవిడ లెక్కలో మొదటి మెట్టు చాలు.

సైజు తేలింది కాబట్టి ప్యాటర్న్‌లో ప్రతిచోటా "180 (200, 220, 240)" అని వచ్చే అంకెల్లో మూడోదాని కింద పెన్సిల్ గీత గీసుకుంటూ పోవాలి. చంక దగ్గర తగ్గించేవైనా, చేతులకు ఎక్కించేవైనా అన్నీ మూడో అంకే. పొడవులకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. "చంక వరకు ఇన్ని అంగుళాలు" అని రాసిన చోట అంగుళం ఎవరి చేతిలోనైనా అంగుళమే కాబట్టి అక్కడ 44 కొలతలు పాటిస్తే పనిలేకుండా పొడవు పెరగవచ్చు. ఆ కొలతలు ఆది స్వెట్టర్ నుంచే తీసుకోవాలి.

చిక్కొచ్చేది వరుసలతో చెప్పిన చోట. పుస్తకం గేజ్ నాలుగంగుళాలకు 28 వరుసలు, ఆమెది 30 అనుకుందాం. చంక నుంచి మెడ దాకా 63 వరుసలు అల్లమంటే పుస్తకం లెక్కలో అది 9 అంగుళాలు, ఆమె చేతిలో 8.4 మాత్రమే. ఛాతీ సరిపోయినా చంక పట్టేస్తుంది. మధ్యలో నాలుగు వరుసలు కలిపితే దాదాపు 9కి చేరుతుంది.

సైజు మార్చే ఈ ఉపాయానికి ఒక హద్దుంది. తేడా కుట్టో రెండో అయితేనే ఇది నడుస్తుంది. 20 ఉండాల్సిన చోట 16 పడితే అంకెలు ఎలాగోలా కుదిరించినా స్వెట్టర్ కుదరదు. సైజు పెరిగేకొద్దీ ఛాతీ పెరిగినంతగా భుజాలు, మెడ పెరగవు. దూరపు సైజు కుట్లు తీసుకుంటే ఛాతీ సరిపోయి మెడ తేడా కొడుతుంది. పైగా అంత వదులు అల్లిక వలలా సాగుతుంది. అప్పుడు సూది సైజు తగ్గించి మళ్లీ ముక్క అల్లడమే దారి. ముక్క తగినంత మెత్తగా, ఒత్తుగా వచ్చి, గేజ్ కొంచెమే తేడా ఉన్నప్పుడు మాత్రం సూది మార్చి ఆ గుడ్డను పాడుచేసుకోవడం కంటే సైజు మార్చుకోవడమే నయం.

తల్లి అల్లడం మొదలుపెట్టింది. ముక్క అల్లేటప్పుడు ఒద్దికగా ఉండే చెయ్యి, టీవీ ముందు కూర్చున్నాక మారిపోవచ్చు. అందుకే ఒళ్లు నాలుగంగుళాలు రాగానే కుట్లన్నిటినీ పొడవాటి దారం మీదికి జరిపి, ముక్కను ఉతికినట్టే ఉతికి ఆరబెట్టి పరిచి కొలిచింది. అడ్డంగా 21 అంగుళాలకు పిసరు తక్కువ. చెయ్యి మారలేదు.

"అత్తయ్యా, నాకూ ఒకటి అల్లరూ?" అంది కోడలు అది చూసి. ఆమె ఛాతీ 34, ఇష్టపడే లూజు 3 అంగుళాలు, కావలసింది 37. అదే ఊలు, అదే సూది కాబట్టి మళ్లీ ముక్క అక్కర్లేదు. 37ను 5.25తో గుణిస్తే 194. పుస్తకంలో 180 ఉంది, 200 ఉంది. 180 అయితే 34.3 వచ్చి లోపల చొక్కాకు చోటుండదు, 200 అయితే 38.1. ఈసారి పెన్సిల్ గీత రెండో అంకె కింద పడింది.